బ్రోచర్ కొటేషన్: ముందు మడత, తర్వాతే రేటు

విజయవాడ ఆటోనగర్‌లో వ్యవసాయ మోటార్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. డీలర్ల దుకాణాల్లో రైతులకు పంచడానికి 5,000 బ్రోచర్లు కావాలి. మేనేజరు మూడు ప్రెస్సులకు ఫోన్ చేసి, ‘ఏ4 సైజు, త్రీ ఫోల్డ్, మల్టీకలర్, మంచి పేపరు, అయిదు వేల కాపీలు. ఎంతవుతుంది?’ అని అడిగారు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో మూడు జవాబులు వచ్చాయి. మొదటి ప్రెస్సు 17,500 రూపాయలంది. రెండోది 24,000 అంది. మూడోది 32,500 చెప్పింది.

ఈ అంకెలు లెక్క తేలిగ్గా అర్థం కావడానికి వేసుకున్నవే. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉండొచ్చు. కానీ ఇంత తేడా రావడం మాత్రం ఏ ఊళ్లోనైనా మామూలే. దాన్ని చూడగానే మొదటివారు న్యాయంగా ఉన్నారనీ, మూడోవారు బాదేస్తున్నారనీ అనిపిస్తుంది. నిజానికి ఆ ముగ్గురూ ధర చెప్పింది మూడు వేర్వేరు వస్తువులకు. ‘మంచి పేపరు’ అన్న మాటను ఎవరికి తోచినట్టు వారు అర్థం చేసుకున్నారు. ఫినిషింగ్ సంగతి మేనేజరు చెప్పలేదు కాబట్టి ఒకరు వదిలేశారు, ఇంకొకరు కలిపేశారు. మడతకు కూలి ఎవరిదో ఎవరూ రాయలేదు.

కొటేషన్లను పక్కపక్కన పెట్టి చూడాలంటే ముందు అవన్నీ ఒకే వస్తువు గురించి మాట్లాడాలి. అందుకు మూడు విషయాలు మనమే తేల్చుకోవాలి: మడత, పేపరు బరువు, ఫినిషింగ్. చాలామంది పేపరుతో మొదలుపెడతారు. మడతతో మొదలుపెట్టడం మేలు. ఎలా మడవాలో తెలిస్తే ఎంత మందం పేపరు పనికొస్తుందో తెలుస్తుంది. పేపరు తేలితే దానిమీద ఏ పూత నిలుస్తుందో తేలుతుంది. వరస తప్పితే ఖరీదైన పేపరు మీద ఖరీదైన పూత వేయించి, చివరికి మడత దగ్గర పగుళ్లు చూడాల్సి వస్తుంది.

మడత ఎన్ని? పేజీలు ఎన్ని?

అయోమయం ‘త్రీ ఫోల్డ్’ దగ్గరే మొదలవుతుంది. మార్కెట్లో త్రీ ఫోల్డ్ అంటే సాధారణంగా మూడు భాగాలుగా మడిచిన కాగితం. దానికి మడత గీతలు రెండే ఉంటాయి. రెండువైపులా కలిపి ఆరు పేజీలు వస్తాయి. కానీ కొందరు గీతలు లెక్కపెట్టి దాన్నే ‘టూ ఫోల్డ్’ అంటారు. మరికొందరు నాలుగు భాగాలు, మూడు గీతలు ఉన్నదాన్ని త్రీ ఫోల్డ్ అంటారు. అందుకే కొటేషన్ అడిగేటప్పుడు పేరు రాసి ఊరుకోకూడదు. ‘విప్పితే 297 × 210 మిల్లీమీటర్లు, మడిస్తే సుమారు 100 × 210 మిల్లీమీటర్లు, రెండు మడతలు, ఆరు పేజీలు’ అని రాయాలి. అప్పుడు ఇంకో అర్థానికి చోటుండదు.

మూడు భాగాల మడతలోనూ రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో కుడి భాగం లోపలికి మడిచి, దానిమీద ఎడమ భాగం కప్పుతారు. దుకాణాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. లోపలికి వెళ్లే భాగం మిగతా రెండింటికన్నా కాస్త చిన్నదిగా ఉండాలి. 297 మిల్లీమీటర్లను మూడు 99లుగా సమానంగా పంచితే లోపలి అంచు మడతకు తగిలి ముడుచుకుంటుంది, బ్రోచర్ ఉబ్బెత్తుగా నిలబడుతుంది. అందుకని 100, 100, 97గా పంచుతారు. డిజైనర్ ఈ సంగతి మరిచిపోయి ఫైలు సమానంగా చేస్తే ప్రెస్సులో సరిచేయడం కుదరదు. ముఖచిత్రం రంగు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్క పేజీలోకి జారి కనబడుతుంది. లోపలివైపు ఎడమ నుంచి కుడికి 100, 100, 97 ఉంటే, బయటివైపు 97, 100, 100 అని తిరగేయాలన్నది కూడా డిజైనర్‌కు చెప్పి చూసుకోవాల్సిన విషయం.

రెండో పద్ధతి జడ్ మడత. ఒక భాగం ముందుకు, ఒకటి వెనక్కి వెళుతుంది. ఏదీ ఇంకోదాని లోపల దూరదు కాబట్టి మూడు భాగాలూ 99 చొప్పున సమానంగా ఉండొచ్చు. మోటారు మోడళ్లు, హార్స్ పవర్, లోతు, డిశ్చార్జి వివరాలున్న పట్టిక మూడు పేజీల మీదుగా సాగాలంటే ఇది అనువైనది. ఒక్కసారి లాగితే మొత్తం విచ్చుకుంటుంది.

తలుపు రెక్కల్లా రెండువైపులా తెరుచుకునే గేట్ ఫోల్డ్ కూడా అందంగా ఉంటుంది. అయితే చాలా ప్రెస్సుల్లోని మామూలు ఫోల్డింగ్ మిషన్ దాన్ని పూర్తిగా మడవలేదు. చివరి మడత చేత్తో వేయాలి. 5,000 కాపీలకు చేతి మడత అంటే కూలీ పెరుగుతుంది, రోజులూ పెరుగుతాయి, ప్రతి కాపీలోనూ గీత ఒకే చోట పడుతుందన్న నమ్మకం తగ్గుతుంది. కొత్త అపార్టుమెంట్ల ప్రాజెక్టుకు 500 కాపీలు వేయించేవారు ఆ ఖర్చు భరించొచ్చు. రైతులకు పంచే మోటారు బ్రోచర్‌కు దాని అవసరం లేదు.

మన కంపెనీకి లోపలికి మడిచే త్రీ ఫోల్డ్ సరిపోతుంది. 220 × 110 మిల్లీమీటర్ల పొడుగు కవరులో అది చక్కగా పడుతుంది, కాబట్టి పోస్టులో పంపడానికీ ఇబ్బంది లేదు.

జీఎస్‌ఎం చెప్పేది బరువు

ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని జీఎస్‌ఎం. ఏ4 కాగితాలు పదహారు పక్కపక్కన పరిస్తే దాదాపు సరిగ్గా ఒక చదరపు మీటరు అవుతుంది. కాబట్టి 130 జీఎస్‌ఎం ఏ4 షీటు సుమారు 8.1 గ్రాములు, 170 జీఎస్‌ఎం షీటు సుమారు 10.6 గ్రాములు ఉంటాయి. ఈ చిన్న లెక్క గుర్తుంచుకోండి. డెలివరీ రోజు పనికొస్తుంది.

జీఎస్‌ఎం నేరుగా మందాన్ని చెప్పదు. 170 జీఎస్‌ఎం గ్లాస్ ఆర్ట్ పేపరు కన్నా అదే 170 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్ పేపరు చేతికి కాస్త మందంగా, బిరుసుగా తగులుతుంది. మెరుపు రావడానికి గ్లాస్ పేపరును రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు, అందుకే అది పలచబడుతుంది. పూత లేని మాప్లిథో ఇంకా ఉబ్బుగా ఉంటుంది. ఇద్దరు ప్రింటర్లు ఒకే జీఎస్‌ఎం చెప్పినా నమూనాలు చేతిలో వేర్వేరుగా అనిపించడానికి ఇదే కారణం. అంకెతోపాటు పేపరు రకం, వీలైతే మిల్లు పేరు కూడా కొటేషన్‌లో రాయించుకోవాలి.

ఇక డబ్బు లెక్క. పేపరును మిల్లులు, డీలర్లు కిలోల్లో అమ్ముతారు. కాబట్టి జీఎస్‌ఎం పెరిగితే పేపరు ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. మన బ్రోచర్‌నే తీసుకుందాం. 25 × 36 అంగుళాల షీటును సగం చేస్తే 18 × 25 అంగుళాలు వస్తుంది. అందులో నాలుగు ఏ4లు పడతాయి. 5,000 కాపీలకు 1,250 షీట్లు, రంగులు సర్దుకునేదాకా పోయే వేస్టేజీకి మరో వంద కలిపితే 1,350 షీట్లు. 130 జీఎస్‌ఎంలో ఇవి సుమారు 51 కిలోలు, 170లో సుమారు 66.5 కిలోలు తూగుతాయి. కిలో వంద రూపాయలనుకుంటే తేడా 1,550 రూపాయలు. అంటే కాపీకి 31 పైసలు.

అంతే. ప్లేట్లు, మిషన్ ఖర్చు రెండింటికీ దాదాపు ఒకటే. అందువల్ల 130కీ 170కీ మధ్య ఎవరైనా ఆరేడు వేల తేడా చూపిస్తే అది పేపరు తేడా కాదు. ఇంకేదో కలిసింది, లేదా ఇంకేదో తగ్గింది. అదేమిటో అడగాలి.

చాలాసార్లు తగ్గేది సైజు. మన దగ్గర 23 × 36 అంగుళాల పేపరు, దాని సగమైన 18 × 23 బాగా వాడుకలో ఉన్నాయి. కత్తిరింపుకు చుట్టూ మూడు మిల్లీమీటర్ల రంగు వదిలి నాలుగు ఏ4లు అందులో సర్దుదామంటే పొడవు చాలదు. సర్దాలంటే బ్రోచర్‌ను 11 అంగుళాలకు, అంటే సుమారు 279 మిల్లీమీటర్లకు కుదించాలి. ప్రింటరు దాన్నీ మాటవరసకు ‘ఏ4’ అనే అంటారు. అసలు ఏ4 పొడవు 297. మడతలు 100, 100, 97గా వేసిన డిజైన్‌లోంచి 18 మిల్లీమీటర్లు తగ్గితే ప్రతి భాగమూ ఇరుకవుతుంది. కుదించిన సైజు తప్పేమీ కాదు, పేపరు ఆదా అవుతుంది కూడా. కానీ అది డిజైన్ మొదలుకాకముందే తెలియాలి.

మడతకు, పేపరుకు మధ్య ఇంకో లంకె ఉంది. పేపరు తయారయ్యేటప్పుడు నార పోగులు ఎక్కువగా మిషన్ నడిచే దిశలో సర్దుకుంటాయి. ఆ దిశలో మడిస్తే గీత నున్నగా వస్తుంది, అడ్డంగా మడిస్తే పోగులు విరుగుతాయి. ముదురు నీలమో నలుపో అచ్చయిన చోట తెల్లటి పగులు కనిపిస్తుంది. పరీక్ష తేలిక. ఆ పేపరు ముక్క ఒకటి తీసుకుని ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా చింపండి. ఎటువైపు చిరుగు తిన్నగా సాగిందో పోగులు అటే ఉన్నాయి. మడత గీత కూడా అటే ఉండాలి.

పేపరు మందమయ్యేకొద్దీ ఈ ఇబ్బంది ముదురుతుంది. 130 జీఎస్‌ఎం మిషన్ మీద హాయిగా మడతపడుతుంది. 170 దగ్గర జాగ్రత్త అవసరం. 220, 250 ఆర్ట్ కార్డులకు మడతకు ముందు క్రీజింగ్ తప్పదు. అంటే మడత పడే చోట మొద్దు అంచుతో ముందే గాడి నొక్కడం. అది వేరే పని, దానికి వేరే ఖర్చు. కొటేషన్‌లో ‘ఫోల్డింగ్’ అని మాత్రమే ఉంటే క్రీజింగ్ కలిసి ఉందో లేదో అడిగి రాయించుకోవాలి.

‘మ్యాట్’ అంటే పేపరా, ఫిల్మా?

కొటేషన్లలో అందరినీ బోల్తా కొట్టించే మాట ఇది. మ్యాట్ ఆర్ట్ పేపరు ఒకటుంది. మెరుపు లేని పూతతో మిల్లు నుంచే అలా వస్తుంది. మ్యాట్ లామినేషన్ ఇంకొకటి. అచ్చయిన షీటు మీద ప్లాస్టిక్ ఫిల్మును అంటించడం. మొదటిదాని ధర మామూలు ఆర్ట్ పేపరుకు దగ్గరగానే ఉంటుంది. రెండోదానికి చదరపు అంగుళాల లెక్కన విడిగా డబ్బు కట్టాలి. మన ఉదాహరణలో 18 × 25 షీటుకు రెండువైపులా కలిపి నాలుగున్నర రూపాయలనుకుంటే, 1,300 షీట్లకు 5,850 రూపాయలవుతుంది. 40 జీఎస్‌ఎం పెంచినందుకు పెరిగిన ఖర్చు కన్నా ఇది మూడు రెట్లకు పైనే. అయినా వాట్సాప్‌ కొటేషన్లో రెండూ ‘170 మ్యాట్’ అనే కనిపిస్తాయి.

లామినేషన్ లేకపోతే బ్రోచర్ పాడైపోతుందన్న భయం అక్కర్లేదు. అచ్చుతోపాటే లేదా అచ్చయిన వెంటనే వార్నిష్ గానీ, నీటి ఆధారిత కోటింగ్ గానీ పలచగా వేయించొచ్చు. సిరా చేతికంటకుండా, కాపీలు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు మరకలు పడకుండా అది కాపాడుతుంది. మ్యాట్ ఆర్ట్ పేపరు మీద ముదురు రంగులున్నప్పుడు ఇది దాదాపు తప్పనిసరి. ఖర్చు లామినేషన్‌లో చిన్న వంతే.

యూవీ కోటింగ్ అద్దంలా మెరుస్తుంది. కానీ అది గట్టిపడిన పొర, మడిస్తే పగులుతుంది. షీటంతా యూవీ వేయించి మడతపెట్టడం మంచిది కాదు. లోగో మీద, మోటారు బొమ్మ మీద మాత్రమే వేసే స్పాట్ యూవీ కావాలంటే మడత గీతకు దూరంగా ఉంచాలి. మ్యాట్ లామినేషన్ మీద అది బాగా ఎత్తి చూపిస్తుంది.

లామినేషన్ వేయిస్తే రెండువైపులా వేయించాలి. ఒకవైపే వేస్తే ఫిల్మున్న వైపు గాలిలోని తేమ పేపరుకు చేరదు, రెండోవైపు నుంచి చేరుతుంది. ఆ వైపు పేపరు ఉబ్బి, బ్రోచర్ ఫిల్ము వైపుకు వంకర తిరుగుతుంది. విజయవాడ, విశాఖలాంటి తేమ ఊళ్లలో వానాకాలం ఒక్క రాత్రికే ఇది కనబడుతుంది. 130 జీఎస్‌ఎంలాంటి పలచటి పేపరు మీద మరీ ఎక్కువ.

మోటారు కంపెనీ ముందుగా ఆలోచించాల్సిన సంగతి ఇంకొకటుంది. డీలరు తన దుకాణం పేరు, ఫోన్ నంబరు ఉన్న రబ్బరు స్టాంపును బ్రోచర్ వెనక కొడతాడు. ఫిల్ము మీద స్టాంపు సిరా ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. బాల్ పెన్నుతో ధర రాద్దామన్నా జారిపోతుంది. మొత్తం లామినేట్ చేసిన బ్రోచర్ ఎంత అందంగా ఉన్నా, డీలరు చేతిలో అది సగం పనే చేస్తుంది. వార్నిష్, కోటింగ్ వేసేటప్పుడు కూడా స్టాంపు పడే చోటును ఖాళీగా వదలమని ప్రెస్సుకు చెప్పాలి.

ఇప్పుడు మూడు కొటేషన్లు చూద్దాం

మేనేజరు మళ్లీ ఫోన్ చేసి విడివిడిగా అడిగితే ఇలా తేలిందనుకోండి. మొదటి ప్రెస్సు 17,500 చెప్పింది 130 జీఎస్‌ఎం ఆర్ట్ పేపరుకు. సైజు 11 అంగుళాలు. మడత లేదు, విప్పిన షీట్లే కట్టలుగా ఇస్తారు. జీఎస్టీ అదనం. రెండో ప్రెస్సు 24,000కు పూర్తి ఏ4, 170 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్ పేపరు, వార్నిష్, మిషన్ మడత, జీఎస్టీతో సహా ఇస్తుంది. మూడోది రెండోదానిలాగే 170 పేపరు, పైన రెండువైపులా మ్యాట్ లామినేషన్, క్రీజింగ్, మడతతో కలిపి 32,500 అంది.

మొదటిదాన్ని రెండోదాని స్థాయికి తెద్దాం. 170 పేపరుకు 1,550, పూర్తి ఏ4కి పెద్ద షీటు వాడినందుకు సుమారు 500, మడతకు 2,000 కలిపితే 21,550 అవుతుంది. వార్నిష్‌కు కొంత, ఆపైన జీఎస్టీ కలిస్తే రెండో కొటేషన్ దగ్గరకు వచ్చేస్తుంది. మూడోదాంట్లోంచి లామినేషన్ 5,850, క్రీజింగ్ 2,000 తీసేస్తే 24,650. ముగ్గురి ధరలూ దాదాపు ఒక్కచోటికే చేరాయి. పైకి కనిపించిన 15,000 తేడాలో ఎక్కువ భాగం మనం చెప్పని వివరాల వల్ల వచ్చిందే. ఇక ఎంచుకోవాల్సింది గడువు, పాత పనుల నమూనాలు, మాట మీద నిలబడే తీరు చూసి.

ఈ కంపెనీకి నా సలహా ఇది. 5,000 కాపీలూ 170 జీఎస్‌ఎం మ్యాట్ ఆర్ట్ పేపరు మీద, వార్నిష్‌తో, స్టాంపు చోటు ఖాళీగా వదిలి వేయించాలి. అదే అచ్చులోంచి 125 షీట్లు విడిగా తీసి రెండువైపులా లామినేషన్ వేయిస్తే 500 కాపీలు వస్తాయి. అవి డీలరు బల్ల మీద ఉండిపోతాయి, వాటిమీద స్టాంపు అక్కర్లేదు. పదిమంది చేతులు మారినా నలగవు. కొత్త ప్లేట్ల ఖర్చు లేదు. అయితే ఇంత కొద్ది షీట్లకు లామినేషన్‌వాళ్లు కనీస చార్జి ఒకటి పెడతారు, అదెంతో ముందే అడగాలి.

రాసి అడగండి, తూచి తీసుకోండి

ఇక ఫోన్‌లో రేటు అడగకుండా ఒకే కాగితం రాసి ముగ్గురికీ పంపాలి. విప్పిన సైజు, మడిచిన సైజు, మడత పద్ధతి, పేపరు రకం, జీఎస్‌ఎం, రెండువైపులా నాలుగు రంగులు, ఫినిషింగ్ ఏమిటి, ఎక్కడ వేయకూడదు, క్రీజింగ్ ఉందా, కాపీలెన్ని, డెలివరీ ఎక్కడికి అన్నవి అందులో ఉండాలి. ధరను పేపరు, ప్రింటింగ్, ఫినిషింగ్, మడత అని విడదీసి, జీఎస్టీ వేరుగా చూపించమనాలి. అదనంగా మరో వెయ్యి కాపీలు అప్పుడే వేస్తే ఎంతవుతుందో కూడా అడగాలి. ప్లేట్లు, మిషన్ సర్దుబాటు ఖర్చు అప్పటికే పడిపోయి ఉంటుంది కాబట్టి ఆ వెయ్యికి కాపీ ధర బాగా తగ్గుతుంది. నెలకే మళ్లీ వేయించాల్సి వస్తే ఆ ఖర్చంతా మొదటినుంచీ కట్టాలి.

ఆర్డరు ఇచ్చేముందు డమ్మీ అడగండి. అచ్చు లేకపోయినా పరవాలేదు. అదే పేపరు, అదే మడత ఉంటే చాలు. దాన్ని పొడుగు కవరులో పెట్టి చూడండి. మూసి బల్ల మీద ఉంచితే పడుకుంటుందా, నోరు తెరుస్తుందా గమనించండి. మీ బ్రోచర్‌లో ముదురు రంగు మడత మీదుగా వెళుతుంటే, అలాంటి పాత పని ఒకటి అదే పేపరు మీద చూపించమనండి. మడత మీద గోటితో గట్టిగా రాసి, వెలుగుకు పెట్టి పగులు వెతకండి. రాత్రంతా వదిలేసి పొద్దున వంకర తిరిగిందేమో చూడండి. నచ్చితే దానిమీద సంతకం చేసి ఒకటి మీ దగ్గర, ఒకటి ప్రెస్సులో ఉంచండి. తర్వాత మాట తేడా వస్తే ఆ డమ్మీయే సాక్ష్యం.

డెలివరీ వచ్చాక ముందు స్కేలుతో పొడవు కొలవండి. 297 ఉంటే, లామినేషన్ లేని కాపీలు వంద లెక్కపెట్టి త్రాసు మీద పెట్టండి. 170 జీఎస్‌ఎం అయితే కిలో 60 గ్రాముల దగ్గర తూగాలి. మిల్లు తయారీలోనే నాలుగైదు శాతం అటూ ఇటూ అవుతుంది, సిరా బరువు కొద్దిగా కలుస్తుంది. వెయ్యి పది గ్రాములు వచ్చినా ఒప్పుకోవచ్చు. 940 దగ్గర ఆగితే మీ చేతికొచ్చింది 150 జీఎస్‌ఎం. 810 అయితే 130. లామినేషన్ కాపీలకు ఈ పరీక్ష పనిచేయదు, ఫిల్మూ జిగురూ బరువు పెంచేస్తాయి. అందుకే మొత్తం పని లామినేషన్‌తో ఉంటే, ఫిల్ము వేయకముందు నాలుగైదు షీట్లు పక్కన పెట్టమని ఆర్డరులోనే రాయాలి. బరువు తగ్గితే తగవు పెట్టుకోనక్కర్లేదు. విడదీసి రాయించుకున్న కొటేషన్‌లో పేపరు ధర ఉంది, కాబట్టి బిల్లులో ఎంత తగ్గించాలో అందులోనే తెలుస్తుంది.